డబ్బు వాపసా, బదులు పురుగులా? ముందు తోట వయసు చూడండి

ఈసారి చాకీ పురుగుల సంగతి రాస్తున్నాను. పురుగులు బాగాలేవని మనం ఫోన్ చేస్తే చాకీ సెంటరు వాళ్లు నోరు తెరిచి అడిగే మాట ఒకటే: "డబ్బు వాపసు ఇవ్వాలా, బదులు పురుగులు పంపాలా?" చాలామందిమి వెంటనే "పురుగులే పంపన్నా" అంటాం. తోటలో ఆకు నిలబడి ఉంటుంది, శెడ్డు కడిగి పెట్టుకుని ఉంటాం, డబ్బు తిరిగి అడగాలంటే మొహమాటం కూడా. నేనూ అట్లే అన్నాను ఒకసారి. ఆ మాట తప్పని ఇప్పుడు అంటున్నాను. ఎప్పుడూ తప్పు కాదు గానీ, మనం అనే సందర్భాల్లో సగానికి పైగా తప్పే.

ముందు నా కథే చెప్తాను. ఎండాకాలం పంట. 200 గుడ్ల చాకీ, బైవోల్టిన్ డబుల్ హైబ్రిడ్. రెండో జ్వరం లేచిన పురుగులు పొద్దున్నే వచ్చినాయి. ఆ రోజుకు నా వి-1 తోట కొమ్మ కొట్టి 54 రోజులు. అంటే అంతా సరిగ్గా కుదిరినట్టే. మూడో రోజు సాయంత్రానికి మూడింట రెండు వంతులు మూడో జ్వరానికి కూర్చున్నాయి. మిగతావి ఇంకా ఆకు మేస్తానే ఉన్నాయి. నాలుగో రోజు చూస్తే కొన్ని లేచినాయి, కొన్ని కూర్చున్నాయి, కొన్ని చీమంత సన్నగా అట్లే ఉండిపోయినాయి. అప్పుడు ఫోన్ చేశాను. ఐదో రోజు ఆయన వచ్చి "నీ ఆకు ముదురు" అన్నాడు. ఆరో రోజుకు, అదే బ్యాచ్ తీసుకున్న ఇంకో ఇద్దరు కూడా ఫోన్ చేసినాక, ఒప్పుకున్నాడు. చాకీకి నేను కట్టిన 6,000 వాపసు తీసుకో, లేదంటే 12 రోజుల్లో ఇంకో బ్యాచ్ వస్తుంది, అందులో 200 గుడ్ల పురుగులు ఇస్తాను అన్నాడు.

నేను బదులు పురుగులు అడిగాను. ఉన్నవన్నీ తీసి గుంతలో సున్నం వేసి పూడ్చి, శెడ్డంతా మళ్లీ కడిగి మందు కొట్టాను. పన్నెండు రోజులు ఉన్నాయి కాబట్టి ఆ పని తొందర లేకుండా బాగానే చేశాను. కొత్త పురుగులు కూడా మంచివే వచ్చినాయి, అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా నా లెక్కలో ఉంది.

లెక్క ఇట్లా. మొదటిసారి పురుగులు వచ్చేటప్పటికి తోటకు 54 రోజులు. ఆరు రోజులు మాటల్లో పోయినాయి, 12 రోజులు ఎదురుచూపుల్లో పోయినాయి. కొత్త పురుగులు శెడ్డులో దిగిన రోజు తోట వయసు 72. అయితే ఆ రోజు వయసు పెద్ద సంగతి కాదు. మూడో దశలో, నాలుగో దశలో పురుగు తినేది కొంచెమే. మొత్తం పంటకు కావాల్సిన ఆకులో ఎనభై శాతానికి పైగా నాలుగో జ్వరం లేచినాకనే తింటుంది. రెండో జ్వరం లేచిన పురుగు నాలుగో జ్వరం లేవడానికి తొమ్మిది, పది రోజులు పడుతుంది. అక్కడి నుంచి ఏడెనిమిది రోజులు మేత, తర్వాత పండు పురుగు. అంటే నా పెద్ద మేత మొదలయ్యే రోజుకు తోట వయసు 82, పురుగు పండే రోజుకు 90. ఎండాకాలం, బోరు అరగంట పోసి ఆగిపోతా ఉంది. కింది ఆకు పసుపు తిరిగి రాలింది, పై ఆకులో నీరు లేదు. పురుగు తిన్నది గానీ ఒళ్లు పట్టలేదు. ఐదో దశ నడుమ నుంచే సప్పె రోగం మొదలైంది. 200 గుడ్లకు 145 కిలోల దాకా తీసే శెడ్డులో 62 కిలోలు వచ్చినాయి. అవీ తేలిక గూళ్లు, మార్కెట్లో కిలో 380కి పోయినాయి.

నా పుస్తకంలో ఉన్నది ఇది: వచ్చింది 23,560. కూలి, మందులు, నేత్రికల బాడుగ, మార్కెట్ బండి అన్నీ కలిపి 14,000 దాటింది. నెల రోజులు ఇంటిల్లిపాదీ చేసిన పనికి మిగిలింది తొమ్మిది వేల చిల్లర. అదే ఆరో రోజు 6,000 వాపసు తీసుకుని ఉంటే? ఆకు చాలక తిరుగుతున్న పక్కూరి రైతు ఒకాయన తోట మొత్తానికి 9,000 ఇస్తానని ఆ వారమే అడిగినాడు. రెండూ కలిపితే 15,000, పైగా కూలి లేదు. ఇంతకన్నా పెద్దది ఇంకొకటుంది. అరవయ్యో రోజుకే కొమ్మ కొట్టి ఉంటే, వచ్చే పంట తోట ఆ రోజు నుంచే చిగురు వేసేది. నేను తొంభయ్యో రోజు కొట్టాను. ముప్పై రోజులు! ఏడాదికి ఐదు పంటలు తీసే తోటలో అది దాదాపు అర పంట. డబ్బు వాపసు అంటే చేతికి డబ్బు మాత్రమే వస్తుందని అనుకుంటాం. వెంటనే కొమ్మ కొడితే రోజులు కూడా వాపసు వస్తాయి. కొట్టకుండా "చూద్దాంలే" అని తోటను వదిలేస్తే మాత్రం రావు.

ఇప్పుడు నేను పెట్టుకున్న కొలత ఒకటే. బదులు పురుగులు ఏ రోజు వస్తాయని వాళ్లు చెప్తారో, ఆ రోజుకు తోట వయసు ఎంత అవుతుందో వేసి, దానికి పది కలుపుతాను. అది 70 దాటితే డబ్బు. దాటకపోతే పురుగుల మాట ఆలోచిస్తాను. వానాకాలంలో, నీళ్లు బాగా ఉండే తోటలో ఇంకో ఐదారు రోజులు సాగదీయొచ్చు. క్రాస్ బ్రీడ్ పురుగైతే మోటు ఆకును కొంచెం తట్టుకుంటుంది, బైవోల్టిన్ తట్టుకోదు. ఇది నా తోట కొలత. మీ నేల, మీ నీళ్లు చూసి మీ కొలత మీరు పెట్టుకోండి. కొలత అంటూ ఒకటి ఉండాలి.

ఇక్కడ ఒక మాట అడగడం మరవద్దు. "బదులు పురుగులు ఎప్పుడిస్తావు?" అంటే "తొందరగానే అన్నా" అంటారు. అట్లా అడగొద్దు. "ఇప్పుడు మీ దగ్గర బ్యాచ్ ఏ దశలో ఉంది, రెండో జ్వరం ఏ తారీఖు లేస్తుంది?" అని అడగండి. ఇప్పటికే చాకీ మేస్తున్న బ్యాచ్ ఉంటే మూడు నాలుగు రోజుల్లో రావచ్చు. అది లేదు, కొత్తగా గుడ్లు తేవాలి అంటే గుడ్డు పొదగడానికి పది రోజులు, చాకీ మేపడానికి ఏడెనిమిది రోజులు, మొత్తం 18 రోజులు తప్పదు. ఎవరు ఎంత తొందర పడినా పురుగు తొందర పడదు. 18 రోజులు అని తేలితే, తోట ఇప్పటికే యాభై దాటి ఉంటే, ఇంక ఆలోచన అక్కరలేదు.

ఇంకో ప్రశ్న: ఆ పురుగులు ఎవరివి? ఇంకొక రైతు ఆర్డర్ రద్దు చేసుకుంటే మిగిలిన మంచి పురుగులు కావచ్చు. లేదా అందరికీ ఇచ్చినాక వల కింద మిగిలిపోయిన, ఆలస్యంగా లేచిన పురుగులు కావచ్చు. రెండోది తీసుకోవద్దు. ఒక ఎచ్చుతగ్గుల బ్యాచ్‌కు బదులు ఇంకొక ఎచ్చుతగ్గుల బ్యాచ్ అవుతుంది. అమ్మేవాడికి బదులు పురుగు ఇవ్వడం డబ్బు ఇవ్వడం కన్నా చవక, అందుకే ఆ మాట ముందు ఆయన నోటి నుంచే వస్తుంది. ఆయన చెడ్డవాడని కాదు, వ్యాపారం అంతే.

రోజుల సంగతి అయింది. శెడ్డులో ఉన్న పురుగుకు వచ్చే ముప్పు ఇంకొకటి. ఇది మా పెద్దమ్మ కొడుకు విషయంలో చూశాను. ఆయన 300 గుడ్ల చాకీ తెచ్చినాడు. మూడో జ్వరానికి కూర్చున్నప్పుడు లెక్క వేస్తే పురుగు తక్కువగా తేలింది. (ఆ లెక్క మీరూ చేయొచ్చు. జ్వరంలో పురుగు కదలదు. కమ్మీతో ఒక అడుగు చదరం చేసి బెడ్ మీద నాలుగు చోట్ల పెట్టి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, సగటును బెడ్ ఎన్ని చదరపు అడుగులో దాంతో గుణించండి. బైవోల్టిన్‌లో వంద గుడ్లకు 45 వేలు అటూ ఇటూ ఉండాలి. 40 వేలకు దిగితే నేను అడుగుతాను.) ఆయన లెక్కలో దాదాపు వంద గుడ్ల పురుగు లేదు. సెంటరు వాళ్లు మర్యాదగా ఒప్పుకుని, మరుసటి రోజే వంద గుడ్ల పురుగులు పంపినారు. అప్పుడే రెండో జ్వరం లేచినవి. అందరమూ "ఎంత మంచోళ్లప్పా" అనుకున్నాం.

ఒకే శెడ్డులో ఇప్పుడు ఐదు రోజుల తేడాతో రెండు వయసుల పురుగు. పెద్దవి జ్వరానికి కూర్చుంటే గాలి ఆడాలి, బెడ్ పొడిగా ఉండాలి, ఆకు వేయకూడదు. అదే సమయానికి చిన్నవాటికి తేమ కావాలి, మేత కావాలి. ఒకదానికి సరిపెడితే ఇంకొకదానికి చెడుతుంది. అయినా నెట్టుకొచ్చినాడు. పెద్దవి ఐదో దశకు వచ్చినాక వాటిలో అక్కడక్కడ పాలరోగం కనపడింది: ఒళ్లు ఉబ్బి, కణుపులు తేలి, స్టాండ్ అంచుల మీద తిరుగుతా, తగిలితే పాలలాంటి నీరు కారుతా. ఐదో దశలో కనపడితే సాధారణంగా ఏరి పారేసి, బెడ్ మందు చల్లి, మిగతా పంట గూడు ఎక్కించుకుంటాం. కానీ పక్కనే నాలుగో దశ పురుగు ఉంది. చిన్న పురుగుకు రోగం తొందరగా అంటుతుంది, తట్టుకునే శక్తి తక్కువ. అదే మనిషి, అవే చేతులు, అదే ఆకు బుట్ట. వంద గుడ్ల పురుగులో ముప్పాతిక పోయింది. అందులో నుంచి రోగం తిరిగి పెద్దవాటిలో వెనకబడిన వాటికి కూడా పట్టింది. పండిన పురుగును రెండుసార్లు ఎక్కించాల్సి వచ్చింది, గూళ్లు రెండు లాట్లుగా మార్కెట్‌కు పోయినాయి.

అందుకే నా అభిప్రాయం: లెక్క తక్కువైతే తక్కువైన దానికి డబ్బు తీసుకోండి, పురుగు తీసుకోవద్దు. ఉన్న 200 గుడ్ల పురుగుకు ఆకు ఎక్కువే ఉంటుంది, అవి బాగా మేస్తాయి. మిగిలిన ఆకు అమ్మండి, లేదా ఆ సాళ్లు ముందే కొమ్మ కొట్టండి. వేరే శెడ్డు, వేరే మనిషి, వేరే ఆకు బుట్ట ఉన్నవాళ్లు మాత్రమే రెండు వయసుల పురుగు పెట్టుకోవాలి. అప్పుడు కూడా రోజూ ముందు చిన్నవాటి పని, తర్వాతే పెద్దవాటి పని.

రోగం అని అనుమానం ఉంటే మాట ఇంకా గట్టిగా చెప్తాను. ఎచ్చుతగ్గులు ఎక్కువ, జ్వరం సరిగా లేవడం లేదు, మేత మందం, ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు. ఇవి గంటురోగం, అంటే పెబ్రిన్ గుర్తులు కావచ్చు. కంటితో తేల్చలేం, సూక్ష్మదర్శినిలోనే తెలుస్తుంది. ఈ రోగం తల్లి చిట్టె నుంచి గుడ్డులోకి వస్తుంది కాబట్టి, మూడో దశలోనే తేలితే అది మీ శెడ్డు తప్పు అనడం వాళ్లకు కష్టం. కానీ అట్లాంటప్పుడు రెండు మూడు రోజుల్లో వచ్చే బదులు పురుగు తీసుకుంటే మొదటి నష్టం మీద రెండో నష్టం తెచ్చుకున్నట్టే. పురుగు తీసి పూడ్చడం, చెత్త కాల్చడం, స్టాండ్లు, వలలు, ట్రేలు కడగడం, మందు కొట్టడం, ఆరబెట్టడం. 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల సున్నం కలిపి గోడ నుంచి నేల దాకా తడిసేటట్టు కొట్టాలి. ఇవన్నీ నిదానంగా చేయడానికి వారం కావాలి. అంత వ్యవధి లేకుంటే డబ్బే తీసుకోండి.

అయితే పూడ్చే ముందు ఒక పని. నేను చేయలేదు, అందుకే నా పురుగుకు ఏమైందో నాకు ఈ రోజుకూ తెలియదు. బతికిన పురుగులు పాతికా, వెనకబడినవి పాతికా చిల్లుల కాగితపు కవర్లో వేసుకుని అదే రోజు మీ దగ్గరి పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయి చూపించి, చీటీ రాయించుకోండి. కుళ్లిన పురుగు తీసుకుపోతే ఏమీ తేలదు. సూక్ష్మదర్శినిలో రోగం లేదని తేలినా అది మంచిదే. అప్పుడు బదులు పురుగు తీసుకోవడానికి ధైర్యం ఉంటుంది.

ఎందుకంటే బదులు పురుగు మంచి దారి అయ్యే సందర్భం కూడా ఉంది. దారిలో దెబ్బతిన్న పురుగు అలాంటిదే. బండి చెడి మధ్యాహ్నం ఎండలో వచ్చినాయి, ట్రేలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకున్నాయి, సగం వాడిపోయినాయి. ఇది రోగం కాదు, దిగిన గంటలోనే తెలుస్తుంది, తోట వయసు ఇంకా యాభై చిల్లరే. ఆ సాయంత్రమే చెప్పి, మూడు నాలుగు రోజుల్లో లేచే బ్యాచ్ ఉంటే మొత్తం 200కు 200 బదులు తీసుకోండి. బతికినవి బాగున్నాయి కదా అని ఉంచుకోవద్దు, అన్నీ తీసేయండి. మనసు ఒప్పదు, నాకు తెలుసు. మూడు రోజుల తేడా కూడా తేడానే.

చెప్పడం ఆలస్యమయ్యే కొద్దీ రెండు దారులూ మూసుకుపోతాయి. నేను నాలుగో రోజు చెప్పాను, అప్పటికే "నీ ఆకు, నీ శెడ్డు" అనడానికి ఆయనకు వీలు దొరికింది. ఫోన్‌లో మాట్లాడినాక వాట్సాప్‌లో రాసి కూడా పెట్టండి, ఫోటోతో. మనం ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం గానీ, చాకీ సెంటరు ఆయన కన్నడంలోనో తమిళంలోనో చదువుకుంటాడు. బడికి పోయే పిల్లలతో ఆ భాషలోనే రాయించండి. రాయాల్సింది ఇంతే:

"ఫలానా తారీఖు పొద్దున ఇన్ని గంటలకు ఫలానా బ్యాచ్ 200 గుడ్ల చాకీ దిగింది. ఈ రోజు చూస్తే సగం రెండో జ్వరం లేవలేదు. ఫోటోలు పెట్టాను. రేపు సాయంత్రం లోపల మీరు వచ్చి చూడండి. ఫలానా తారీఖు లోపల ఒకే వయసు పురుగు మొత్తం 200 గుడ్లకు ఇవ్వగలిగితే తీసుకుంటాను. ఆ తారీఖు దాటితే పురుగు వద్దు, కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి."

చివరి రెండు వాక్యాలు ముఖ్యం. తారీఖు మీ తోట లెక్క నుంచి రావాలి, ఆయన సౌకర్యం నుంచి కాదు. ఆ తారీఖు లేకపోతే "ఇంకో రెండు రోజులు, ఇంకో రెండు రోజులు" అంటూనే ఆకు ముదిరిపోతుంది. "వచ్చే పంటకు ఇస్తాలే, ఖాతాలో రాసుకో" అనే మూడో మాట కూడా వస్తుంది. అది బదులూ కాదు, వాపసూ కాదు. మనం ఆయనకు వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు. ఎన్నో ఏళ్లుగా నమ్మకమున్న సెంటరు అయితే మీ ఇష్టం, కానీ తారీఖు, గుడ్ల లెక్క రాయించుకోండి.

బిల్లు గురించి కూడా కొంచెం. చాకీ పెంచి అమ్మేవాళ్లు 2010 నాటి కేంద్ర పట్టుపురుగు విత్తన నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. బిల్లు మీద ఆ నంబరు, బ్యాచ్, దిగిన తారీఖు అడిగి రాయించుకోండి. చెడిపోయిన సరుకుకు బదులు సరుకు, డబ్బు వాపసు, నష్టపరిహారం, ఈ మూడూ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్నాయి. చెడు విత్తనాల మీద ఆంధ్ర రైతులు వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడే అని చెప్పింది. అది పైరు విత్తనాల కేసు, పురుగుల కేసు కాదు. అయినా మన మాటకు బలం. మన పేచీలు చాలావరకు కోర్టు దాకా పోవు, పోనక్కరలేదు. కానీ 6,000 వాపసు చేతికిస్తూ "ఇంక ఏ బాకీ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం అడిగితే, ఆ 6,000 చాకీ ధర మాత్రమేనని, మన ఆకు, మన కూలి అందులో లేవని గుర్తుంచుకుని సంతకం పెట్టండి. "చాకీ డబ్బు 6,000 ముట్టింది" అని మాత్రమే రాసి ఇవ్వొచ్చు.

చాకీ సెంటర్లు నడిపే అన్నలు కూడా ఈ పత్రిక చదువుతారు. వాళ్లతో ఒక్క మనవి: ప్రతి బ్యాచ్ పంపేటప్పుడు, మీ తర్వాతి బ్యాచ్ రెండో జ్వరం ఏ తారీఖు లేస్తుందో అదే చీటీలో రాయండి. పురుగులు దిగిన రోజే ఆ తారీఖు చేతిలో ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు మేం తోట వయసు చూసుకుని అరగంటలో చెప్పేస్తాం. నా విషయంలో పోయిన ఆరు రోజులు మీకూ పోవు, మాకూ పోవు.